పని నేర్పిన సీనియర్‌కు కృతజ్ఞతలు రాయడం ఎలా? మీ పనిలో వచ్చిన మార్పును చూపించే ఉత్తరం, మొదటి నుంచి చివరి దాకా

ఉత్తరం రాయాలని కూర్చున్నవాళ్లలో చాలామంది "మీ మార్గదర్శకత్వానికి ధన్యవాదాలు" దగ్గరే ఆగిపోతారు. ఆ వాక్యం తర్వాత ఏం రాయాలో తోచదు. తోచక "మీరు లేకపోతే నేను లేను" అని రాస్తారు, అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఇదే కాబట్టి, సామగ్రి పోగుచేయడం నుంచి పంపడం దాకా వరుసగా రాస్తున్నాను.

ఉదాహరణకు ఒకే వృత్తిని తీసుకుని చివరిదాకా దానితోనే నడుస్తాను: భవన నిర్మాణం. అపార్ట్‌మెంట్ సైటులో పనిచేసే ఒక యువ ఇంజినీరు, ఉద్యోగంలో చేరిన కొత్తలో తనకు పని నేర్పి ఆ తర్వాత రిటైరైన ప్రాజెక్టు ఇంజినీరుకు రాస్తోంది. మనుషులు, సైటు, తేదీలు కల్పితం. పని విషయాలు మాత్రం ఏ సైటులోనైనా ఎదురయ్యేవే. మీది బ్యాంకు కావచ్చు, బడి కావచ్చు, ఆస్పత్రి వార్డు కావచ్చు, అంచెలు మారవు.

## 1. రాయడానికి ముందు పాత కాగితాలు తీయండి

జ్ఞాపకం మీద ఆధారపడి మొదలుపెడితే విశేషణాలే వస్తాయి. "ఎంతో ఓపికగా నేర్పారు" అన్న మాట జ్ఞాపకం ఇస్తుంది. ఏ రోజు, ఏ పనిలో, ఏ మాట అన్నారన్నది కాగితం ఇస్తుంది. అందుకే మొదటి గంట రాయకండి, వెతకండి.

మన ఇంజినీరుకు దొరికే చోట్లు ఇవి:

- సైటు డైరీ. ఏ రోజు ఏ స్లాబు వేశారు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, ఎందుకు ఆగింది.
- రెడీమిక్స్ చలానాలు, అంటే ప్లాంటులో కలిపి లారీలో పంపే కాంక్రీటుతో వచ్చే రసీదులు. ప్లాంటు నుంచి లారీ బయలుదేరిన వేళ, సైటుకు చేరిన వేళ, దించడం పూర్తయిన వేళ వాటి మీద ఉంటాయి.
- క్యూబుల రిజిస్టరు. కాంక్రీటు నమూనాగా పోసి, 28 రోజులకు పగలగొట్టి చూసిన దిమ్మెల ఫలితాలు.
- ఫోనులో ఆయనతో నడిచిన సందేశాలు, ఆయన దిద్దిన డ్రాయింగుల ఫొటోలు.

మీ రంగంలో వీటికి సమానమైనవి తప్పక ఉంటాయి. టీచరుకు పాత పాఠ్య ప్రణాళిక, ఎర్ర సిరా పడిన ప్రశ్నపత్రం చిత్తు. విలేకరికి మొదటి ప్రతి, అచ్చయిన ప్రతి. ఆ కాగితాల్లో మీరు వెతకాల్సింది ఒక్కటే: మీ పద్ధతి మారిన చోటు. ఒక నెల దాకా ఒక రకంగా రాసిన డైరీ ఆ తర్వాత ఇంకో రకంగా రాసి ఉంటే, మధ్యలో ఎవరో ఏదో చెప్పి ఉంటారు.

కాగితాలేవీ మిగలకపోతే, అప్పట్లో మీతో పనిచేసిన ఒకరికి ఫోను చేసి "ఆయన మనకు పదే పదే ఏం చెప్పేవారు?" అని అడగండి. ఇద్దరికీ ఒకే మాట గుర్తుంటే అది నమ్మదగ్గ మాట.

## 2. గుర్తొచ్చినవన్నీ రాసి, చాలావాటిని కొట్టేయండి

మన ఇంజినీరు వెతికి మూడు సలహాలు రాసుకుంది.

ఒకటి: "క్యూరింగ్‌లో రాజీ పడకు. నీళ్లు కట్టడం ఆపితే స్లాబు పాడైనట్టే."

రెండు: "స్టీలు తనిఖీ స్లాబు వేసే రోజు పొద్దున పెట్టుకోకు. ముందు రోజు సాయంత్రం చెయ్యి."

మూడు: "కాంక్రీటులో నీళ్లు పోయమని మేస్త్రీ అడిగితే వెంటనే కసరకు. ఎందుకు అడుగుతున్నాడో ముందు కనుక్కో."

మూడూ మంచి సలహాలే. కానీ మొదటిదాన్ని కొట్టేయాలి. కాంక్రీటుకు తగినన్ని రోజులు తడి అందాలన్నది పుస్తకంలో ఉన్న సంగతి. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు అంటుంది. కాలేజీలో చెప్పారు, సిమెంటు కంపెనీవాళ్లు చెప్తారు, ఇంటి యజమాని కూడా చెప్తాడు. ఆయన చెప్పకపోయినా ఆమె నేర్చుకునేదే.

రెండు, మూడు అలాంటివి కావు. ఏ పుస్తకంలోనూ "సాయంత్రం చెయ్యి" అని ఉండదు. "ఎందుకు అడుగుతున్నాడో కనుక్కో" అన్నది ఏళ్ల తరబడి సైటులో నిలబడ్డ మనిషి మాత్రమే చెప్పగలిగే మాట.

కొట్టేయడానికి నేను వాడే ప్రశ్నలు రెండే. ఈ మాట ఈ మనిషి చెప్పకపోతే నాకు మరో దారిలో తెలిసేదా? ఈ మాట విన్నాక నేను చేసే పని ఏదైనా మారిందా, లేక విని బాగుందనుకున్నానా? రెండు పరీక్షలూ దాటినవి ఒకటో రెండో మిగులుతాయి. అవి చాలు. ఐదు సలహాలు కుక్కిన ఉత్తరం బయోడేటాలా చదువుకుంటుంది.

## 3. ఒక్కో సలహాకు నాలుగు వాక్యాలు రాయండి

ఇప్పటికీ ఉత్తరం మొదలుపెట్టకండి. విడి కాగితం మీద ఒక్కో సలహాకు ఈ నాలుగు రాయండి:

- ఆయన అన్న మాట (వీలైనంతవరకు ఆయన మాటల్లోనే)
- అంతకుముందు నేను చేసేది
- ఇప్పుడు నేను చేసేది
- తేడా ఎక్కడ కనిపించింది

రెండో సలహాకు ఆమె రాసుకున్నది ఇలా ఉంది.

ఆయన అన్న మాట: "పొద్దున కాంక్రీటు పంపు వచ్చి నిలబడ్డాక నువ్వు చూపించే తప్పును ఎవరూ సరిచేయరు. సాయంత్రం చూపిస్తే రాత్రిలోగా సరిచేస్తారు."

అంతకుముందు: స్లాబు రోజు ఉదయం ఆరు గంటలకు వెళ్లి, కూలీలు గుమిగూడుతుంటే స్టీలు చూసేది. అప్పటికి మొదటి లారీ దారిలో ఉండేది. లోపం కనిపించినా "కాంక్రీటు పోస్తూ సర్దేస్తాం మేడమ్" అనేవారు.

ఇప్పుడు: ముందు రోజు నాలుగింటికి టేపు, డ్రాయింగు తీసుకుని ఒక్కతే స్లాబు మీదికి వెళ్తుంది. మొదట బాల్కనీలు చూస్తుంది. లోపాలు రాసి రాడ్ బెండింగ్ మేస్త్రీ చేత సంతకం పెట్టించి, చీకటి పడేలోపు మళ్లీ చూస్తుంది.

తేడా: ఒక స్లాబులో బాల్కనీ పైవరస రాడ్లు తొక్కుళ్లకు కుంగి కిందికి దిగిపోయి ఉండటం సాయంత్రం కనిపించింది. పైవరస రాడ్లను ఎత్తి నిలిపే చైర్లు, అంటే వంచిన కడ్డీ ఆధారాలు, కింద చాల్లేదు. రాత్రి చైర్లు పెంచి రాడ్లను మళ్లీ పైకి ఎత్తారు.

ఇందులో చివరి సంగతికి ఎందుకు విలువో ఆ సీనియర్‌కు వివరించనక్కర్లేదు. గోడ లోంచి బయటికి పొడుచుకొచ్చే బాల్కనీలో లాగుడు బలం పైభాగంలో ఉంటుంది, అందుకే ప్రధానమైన స్టీలు పైన ఉండాలి. అది కిందికి దిగితే స్టీలు ఉన్నా లేనట్టే. పైనుంచి చూస్తే రాడ్లు లెక్కకు సరిగ్గానే ఉంటాయి. టేపు పెట్టి లోతు కొలిస్తేనే తప్పు దొరుకుతుంది. ఆ ఒక్క వాక్యం చదవగానే తన మాట ఎంత దూరం వెళ్లిందో ఆయనకు అర్థమవుతుంది.

"ఇప్పుడు నేను చేసేది" దగ్గర చాలామంది జారిపోతారు. "జాగ్రత్తగా ఉంటున్నాను", "నాణ్యత మీద దృష్టి పెడుతున్నాను" అని రాస్తారు. పక్కన నిలబడి చూసేవాళ్లకు కనిపించే పని రాయాలి. నాలుగింటికి వెళ్లడం కనిపిస్తుంది. టేపు కనిపిస్తుంది. సంతకం కనిపిస్తుంది. దృష్టి పెట్టడం కనిపించదు.

## 4. ఆధారం నిజంగా ఆ మార్పునే చూపిస్తుందా?

నా దృష్టిలో మొత్తం పనిలో కష్టమైనది ఈ అంచె. ఎక్కువమంది దీన్ని దాటేస్తారు కూడా.

మూడో సలహా తీసుకుందాం. రెడీమిక్స్ లారీ వచ్చింది. కాంక్రీటు గట్టిగా ఉంది, పైపులో సాగడం లేదు, నీళ్లు పోద్దామని మేస్త్రీ అంటాడు. నీళ్లు కలిపితే సాగుతుంది కానీ సిమెంటుతో పోలిస్తే నీటి పాలు పెరిగి బలం తగ్గుతుంది. కొత్త ఇంజినీరు ఇక్కడ రెండు రకాలుగా తప్పు చేస్తారు: పోయనిస్తారు, లేదా అరిచి ఆపుతారు. అరిచి ఆపితే వెనక్కి తిరగ్గానే పోస్తారు.

సీనియర్ చెప్పినట్టు ఆమె కారణం అడిగింది. లారీ గంటన్నర ఎండలో నిలబడిందని తేలింది. మూడు లారీలు ఒకేసారి వచ్చాయి, పంపు ఒక్కటే. అప్పటి నుంచి ఆమె లారీల మధ్య ఎడం తనే లెక్కవేసి ప్లాంటుకు చెప్తోంది: ఒక లారీ దించడానికి పట్టే సమయం చూసుకుని, ముందు లారీ సగం ఖాళీ అయ్యాక తర్వాతది బయలుదేరేలా, ట్రాఫిక్ వేళల్లో ఇంకాస్త ముందుగా. గట్టిపడిన లారీ వస్తే ప్లాంటు టెక్నీషియన్‌ను పిలిపించి నీళ్లకు బదులు రసాయనంతో సరిచేయిస్తుంది, కుదరకపోతే తిప్పి పంపుతుంది.

తేడా చూపడానికి ఆమె మొదట రాసుకున్న వాక్యం: "మీ సలహా వల్ల మా క్యూబుల బలం పెరిగింది."

వినడానికి బాగుంది. కానీ ఆమె సైటులో క్యూబులకు కాంక్రీటు తీసేది లారీ రాగానే, మొదట్లోనే. మేస్త్రీ నీళ్లు పోయించేది ఆ తర్వాత. అంటే నీళ్లు పోసిన కాంక్రీటు క్యూబుల్లోకి అసలు వెళ్లనే లేదు. నీళ్లు పోసిన రోజుల్లోనూ క్యూబుల ఫలితాలు బాగానే వస్తాయి, స్లాబులో మాత్రం బలహీనమైన కాంక్రీటు ఉంటుంది. క్యూబుల రిజిస్టరు ఈ మార్పుకు సాక్ష్యం చెప్పలేదు. ఫలితం నిజంగానే పెరిగి ఉంటే దానికి ప్లాంటు సిమెంటు మార్చడమో, ఇసుక మారడమో కారణం కావచ్చు.

ముప్పై ఏళ్లు సైటులో ఉన్న మనిషి ఆ వాక్యం చదివి నవ్వుకుంటాడు. ఏమీ అనడు, కానీ మిగతా ఉత్తరాన్ని కూడా అదే కంటితో చదువుతాడు.

మరి సాక్ష్యం ఏది? చలానాలు. లారీ చేరిన వేళకూ దించడం పూర్తయిన వేళకూ మధ్య ఎడం. పాత స్లాబువి, కొత్త స్లాబువి పక్కపక్కన పెడితే నిరీక్షణ ఎంత తగ్గిందో తెలుస్తుంది. అది ఆమె చేసిన పని వల్లే తగ్గింది, వేరే కారణం కనిపించదు. కాబట్టి వాక్యం మారింది: "మూడో అంతస్తులో లారీలు గంటన్నర దాకా నిలబడేవి. ఐదో అంతస్తులో ఏ లారీ అరగంట దాటలేదు. నీళ్ల మాట మేస్త్రీ మళ్లీ ఎత్తలేదు."

మీ ఆధారాన్ని ఇలా పరీక్షించండి:

- ఈ అంకె, ఈ సంఘటన నేను మార్చిన పనికి నేరుగా తగులుతుందా?
- అదే సమయంలో ఇంకేదైనా మారిందా? కొత్త యంత్రం, కొత్త మనిషి, కొత్త నిబంధన?
- ఈ సంగతి తెలిసిన మూడో మనిషి చదివితే ఒప్పుకుంటాడా?

మూడింట్లో ఏది తేలకపోయినా అంకె తీసేసి సంఘటన రాయండి. "ఈమధ్య నీళ్ల గొడవ రాలేదు" అన్న మాట, తప్పు అంకె కంటే ఎన్నో రెట్లు మేలు.

## 5. ఇప్పుడు చిత్తు రాయండి: ఈ వరుసలో

(అ) పిలుపు. ఎదురుగా ఉంటే ఎలా పిలుస్తారో అలాగే. రోజూ "సార్" అని పిలిచిన మనిషికి "పూజ్యులైన గురువర్యులకు" అని రాస్తే ఉత్తరం ఎవరో వేరేవాళ్లు రాసినట్టుంటుంది. "అన్నా" అని పిలిచేవాళ్లయితే "అన్నా" అనే రాయండి, క్రియలు మాత్రం "మీరు"కు తగినట్టు ఉంచండి.

(ఆ) మీరెవరో ఒక వాక్యంలో. ఆయన చేతికింద పదుల మంది పనిచేసి ఉంటారు. ఏ సైటు, ఏ ఏడాది చెప్తే గుర్తుపడతారు.

(ఇ) నేరుగా ఆ రోజు, ఆ మాట. యోగక్షేమాలతో అర పేజీ నింపకండి.

(ఈ) అంతకుముందు మీరు చేసేది. రెండు మూడు వాక్యాలు చాలు, ఆత్మవిమర్శ పురాణం వద్దు.

(ఉ) ఇప్పుడు చేసేది, తేడా కనిపించిన చోటు. ఉత్తరంలో సగం ఇదే ఉండాలి.

(ఊ) ఆ మాట మీ దగ్గర నుంచి ఇంకెవరికైనా వెళ్లిందా? వెళ్లి ఉంటే ఒక్క వాక్యం.

(ఋ) ధన్యవాదం, ఒకే ఒక్కసారి, చివర్లో. పైనంతా చదివాక ఆ మాటకు బరువు దానంతటదే వస్తుంది.

చేతిరాతలో ఒక పేజీ, టైపు చేస్తే అంతకంటే తక్కువ. మాటల పొందిక గురించి మరీ మథనపడకండి. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు కృతజ్ఞతా లేఖలు రాసినవాళ్లనూ అందుకున్నవాళ్లనూ విడివిడిగా అడిగి చూశారు. అందుకున్నవాళ్లు ఇబ్బంది పడతారని రాసినవాళ్లు ఎక్కువగా ఊహించుకున్నారు; వాళ్లు పొందే సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. రాసేవాళ్ల బెంగ తమ భాష మీద ఉంటుంది, చదివేవాళ్ల చూపు అందులోని ఆప్యాయత మీద ఉంటుంది.

## 6. పూర్తి నమూనా

> సార్, నమస్కారం.
>
> మూడేళ్ల కిందట మీ దగ్గర బి బ్లాకు చూసిన జూనియర్ ఇంజినీర్‌ని. డ్రాయింగులు తలకిందులుగా పట్టుకుందని మీరు ఏడిపించిన అమ్మాయిని అంటే త్వరగా గుర్తొస్తానేమో.
>
> రెండో అంతస్తు స్లాబు రోజు నేను పొద్దున్నే స్టీలులో లోపాలు చూపిస్తుంటే ఎవరూ వినలేదు. మీరు నన్ను పక్కకు పిలిచి, "పంపు వచ్చి నిలబడ్డాక నువ్వు చూపించే తప్పును ఎవరూ సరిచేయరు. సాయంత్రం చూపిస్తే రాత్రిలోగా సరిచేస్తారు" అన్నారు. అప్పటిదాకా నేను వాళ్లు నా మాట లెక్కచేయడం లేదనుకున్నాను. నేను అడుగుతున్న వేళ తప్పని మీరు చెప్పేదాకా తెలియలేదు.
>
> ఇప్పుడు ప్రతి స్లాబుకూ ముందు రోజు నాలుగింటికి టేపుతో ఒక్కదాన్నే పైకి వెళ్తాను. మొదట బాల్కనీలు. లోపాలు రాసి మేస్త్రీ సంతకం తీసుకుంటాను, చీకటి పడేలోపు ఇంకోసారి చూస్తాను. గత నెల ఐదో అంతస్తులో రెండు బాల్కనీల పైవరస రాడ్లు కుంగి ఉన్నాయి. పైనుంచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి, టేపు పెడితే గానీ తెలియలేదు. రాత్రి ఎనిమిదింటికల్లా చైర్లు పెంచి సరిచేశారు. ఉదయమైతే ఒప్పుకునేవారు కాదు.
>
> నీళ్ల గొడవ గురించి మీరు చెప్పిందీ పనికొచ్చింది. కసరడం మానేసి కారణం అడిగితే, లారీలు వరసగా వచ్చి ఎండలో నిలబడటమే అసలు సంగతని తెలిసింది. ఇప్పుడు లారీల మధ్య ఎడం నేనే ప్లాంటుకు చెప్తున్నాను. మూడో అంతస్తులో గంటన్నర దాకా నిలబడేవి, ఐదో అంతస్తులో ఏదీ అరగంట దాటలేదు. మేస్త్రీ మళ్లీ నీళ్ల మాట ఎత్తలేదు.
>
> ఈ ఏడాది నా కింద ఇద్దరు కొత్తగా చేరారు. వాళ్లను కూడా సాయంత్రమే పైకి పంపుతున్నాను. ఎందుకని అడిగితే మీ మాటే చెప్పాను.
>
> మీకు నా ధన్యవాదాలు సార్. అమ్మగారికి నమస్కారాలు చెప్పండి.

ఇందులో "మీరు గొప్పవారు" అన్న వాక్యం లేదు. ఆయన వేళాకోళం ఒకటి ఉంది, అది పెట్టడం నాకు నచ్చింది; ఇద్దరికీ మాత్రమే తెలిసిన చిన్న సంగతి ఒకటి ఉంటే ఉత్తరం నకలు కొట్టినట్టుండదు. అయితే అది ఆయన్ను నొప్పించని సంగతై ఉండాలి.

కంపెనీ పేరు, క్లయింటు పేరు, పరీక్షల నివేదికలు లేవని కూడా గమనించండి. బాల్కనీ రాడ్లు కుంగాయన్న సంగతి ఇద్దరు ఇంజినీర్ల మధ్య మామూలు మాట. అదే మాట ఫ్లాటు కొన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుకు చేరితే వేరే కథ అవుతుంది. ఆసుపత్రిలో, బ్యాంకులో పనిచేసేవాళ్లు రోగి, ఖాతాదారు వివరాలు ఒక్కటీ రాకుండా చూసుకోవాలి.

## 7. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

అడిగే పని కలపడం. "ఇంకో విషయం సార్, మీకు తెలిసిన కంపెనీలో ఏదైనా ఖాళీ ఉంటే..." ఈ ఒక్క వాక్యంతో పై పేజీ అంతా పీఠిక అయిపోతుంది. సిఫారసు కావాలంటే వేరే రోజు, వేరే ఉత్తరంలో అడగండి. రెండింటికీ మధ్య కొన్ని వారాలైనా ఉండాలి.

అన్నీ ఆయనకే కట్టబెట్టడం. "నా ఈ స్థితికి మీరే కారణం" అంటే వినేవాళ్లకు మొహమాటంగా ఉంటుంది. ఒక మాటకు ఒక మార్పు కట్టి చూపిస్తే ఆయన కాదనలేరు.

పాత సహోద్యోగులను చిన్నబుచ్చడం. "అక్కడ మీరొక్కరే పని తెలిసినవారు" అని రాయకండి. వాళ్లలో కొందరు ఆయన స్నేహితులు. పైన నమూనాలో మేస్త్రీని విలన్ చేయలేదు; అతను అడిగినదానికి ఒక కారణం ఉంది, అదే కదా ఆయన నేర్పింది.

పండుగ రోజున పంపడం. సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం, 15న ఇంజినీర్ల దినోత్సవం, గురుపౌర్ణమి. ఆ రోజుల్లో పూలబొకే బొమ్మలతో ఫోను నిండిపోతుంది. మీ ఉత్తరం వాటి మధ్య పడుతుంది. మీ మార్పు ఫలితం కనిపించిన వారంలో పంపండి.

అందరి ముందు పెట్టడం. సామాజిక మాధ్యమంలో పేరు పెట్టి రాయాలనుకుంటే ముందు ఆయనకు విడిగా పంపి, ఆ తర్వాత అడగండి. కొందరికి ఇష్టం. కొందరికి పాత ఆఫీసువాళ్లు చూడటం ఇష్టం ఉండదు.

## 8. చిక్కు సందర్భాలు

సలహాను మార్చుకుని వాడితే? దాచకండి. "మీరు ఉదయం కూడా ఒకసారి చూడమన్నారు, నేను అది మా సూపర్‌వైజర్‌కు అప్పగించాను" అని రాయవచ్చు. తన మాటను ఆలోచించి వాడారన్నది ఆయనకు ఇంకా నచ్చుతుంది.

ఆయన కటువుగా మాట్లాడే మనిషైతే? తిట్లను తియ్యగా మార్చి రాయనక్కర్లేదు, గుర్తుచేయనూ అక్కర్లేదు. మాటలోని పనికొచ్చే భాగం తీసుకుని అది రాయండి. గాయం ఇంకా పచ్చిగా ఉంటే ఉత్తరం వాయిదా వేయండి, బలవంతం ఏమీ లేదు.

ఇప్పటికీ ఆయనే మీ పై అధికారి అయితే? అప్రైజల్ నెలలో పంపకండి. చేతికి ఇవ్వండి, కాపీ ఎవరికీ పెట్టకండి.

నేర్పింది మేస్త్రీ అయితే? ఇది చాలామంది మర్చిపోతారు. సైటులో సగం పని నేర్పేది మేస్త్రీలే. ఆయన పొడవాటి ఉత్తరం చదవరనుకుంటే అదే నాలుగు వాక్యాల వరుసలో నోటితో చెప్పండి, లేదా వాయిస్ సందేశం పంపండి. పని ముగిసే వేళ, ఆయన మనుషులు వింటుండగా చెప్తే ఇంకా మంచిది. ఇక్కడ మాత్రం అందరి ముందు చెప్పడానికి అనుమతి అక్కర్లేదు.

ఆయన ఇక లేకపోతే? ఇంట్లోవాళ్లకు రాయండి. సాంకేతిక వివరాలు తగ్గించి, ఆయన మాట, దాన్ని మీరిప్పుడు ఎవరికి చెప్తున్నారన్నది ఉంచండి.

## 9. పంపే ముందు

ఒక రాత్రి ఆగి, పొద్దున పైకి చదివి, ఈ జాబితాతో సరిచూసుకోండి:

- ఆయన పేరు, ఇంటిపేరు అక్షరాలు సరిగ్గా ఉన్నాయా?
- ఆయన అన్న మాట ఒక్కటైనా ఆయన మాటల్లో ఉందా?
- "ఇప్పుడు నేను చేసేది" పక్కవాళ్లకు కనిపించే పనేనా?
- ప్రతి అంకెకూ నా దగ్గర కాగితం ఉందా?
- ఇందులో బయటపడకూడని వివరం ఏదైనా ఉందా?
- ఏదైనా అడిగానా? (అడిగి ఉంటే కొట్టేయండి)
- ఇదే ఉత్తరం పేరు మార్చి ఇంకొకరికి పంపగలనా? (పంపగలిగితే మూడో అంచెకు వెనక్కి వెళ్లండి)

పెద్దవయసు వాళ్లకు కాగితం మీద రాసినది మేలు, దాచుకుంటారు. చూపు తగ్గినవారికి పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించండి. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకే సందేశంగా పంపండి, తర్వాత వెంటనే "చూశారా సార్?" అని అడగకండి.

జవాబు రాకపోవచ్చు. "నేను అలా అన్నానా? గుర్తులేదమ్మా" అని రావచ్చు, ఇది చాలా మామూలు, ఎందుకంటే చెప్పినవాళ్లకు అది ఆ రోజు చెప్పిన పది మాటల్లో ఒకటి. వాదించి గుర్తుచేయాల్సిన పనిలేదు. కొందరు మాత్రం కొత్త ప్రశ్న వేస్తారు: "మరి మెట్ల దగ్గర స్టీలు ఎవరు చూస్తున్నారు?" అలా అడిగితే తేదీ వేసి డైరీలో రాసుకుని, మర్నాడు సాయంత్రం మెట్ల దగ్గరికి టేపు పట్టుకెళ్లండి.